ఈ తొమ్మిదంకెల నంబరు ఏ దేశానిది?

బ్యాంకులో ఎన్నారై ఖాతాల కాగితాలు చూసిన రోజుల్లో నన్ను ఎక్కువగా సతాయించినవి ఫారం చివరి పేజీలో పక్కపక్కనే ఉండే రెండు గళ్ళు. ఒకదాంట్లో ఖాతాదారు ఏ దేశంలో పన్ను కడుతున్నాడో రాయాలి. రెండోదాంట్లో ఆ దేశం ఇచ్చిన పన్ను గుర్తింపు సంఖ్య, అంటే టిన్, రాయాలి. చాలామంది రెండోది నింపి మొదటిది వదిలేస్తారు. నంబరు ఇచ్చాం కదా, ఇంకేం కావాలన్నది వాళ్ళ ధీమా.

ఒకరోజు ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి మడతపెట్టిన చీటీ తీసి నా ముందు పెట్టారు. "మా అబ్బాయి నంబరండీ, ఫోన్లో చెబితే రాసుకొచ్చాను" అన్నారు. తొమ్మిది అంకెలు. మధ్యలో గీత లేదు, ఖాళీ లేదు. ఏ దేశానిదండీ అని అడిగితే, "ముందు అమెరికా వెళ్ళాడు, అక్కణ్ణించి కెనడా, ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఉన్నాడు. నంబరు చూస్తే మీకు తెలిసిపోదూ?" అన్నారు.

తెలిసిపోతుందా? కొన్ని నంబర్లు చూడగానే ఊరూ పేరూ చెప్పేస్తాయి. కొన్ని ఎంత బతిమాలినా నోరు విప్పవు. ఆ తేడా ఎక్కడుందో చూద్దాం.

ముందు ఈ గళ్ళు ఎందుకు వచ్చాయో చెప్పాలి. ఒక దేశంలో పన్ను కట్టేవాడికి మరో దేశంలో ఖాతా ఉంటే, ఆ ఖాతా వివరాలు సొంత దేశానికి చేరాలని ప్రభుత్వాలు ఒప్పందాలు చేసుకున్నాయి. అమెరికాతో మన ఒప్పందం 2015లో కుదిరింది. మిగతా చాలా దేశాలతో ఇచ్చిపుచ్చుకోవడం 2017లో మొదలైంది. పేర్లు ఒక్కొక్కచోట ఒక్కోలా రాస్తారు, ఇంటిపేరు ముందుకీ వెనక్కీ మారుతుంది. అక్కడి అధికారి ఈ సమాచారాన్ని మనిషితో జతపరచాలంటే నంబరే ఆధారం. దేశం పేరు తప్పు రాస్తే నంబరు సరైనదే అయినా వెళ్ళకూడని చోటికి వెళ్తుంది.

నంబరును చూడటంలో మొదటి పని పొడవు లెక్కపెట్టడం, రెండోది అక్షరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూడటం. మన పాన్ కార్డునే తీసుకోండి. ఐదు ఇంగ్లీషు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మళ్ళీ ఒక అక్షరం. మొత్తం పది. నాలుగో అక్షరం P అయితే మామూలు మనిషి, C అయితే కంపెనీ, H అయితే హిందూ అవిభక్త కుటుంబం. మనిషి పాన్‌లో ఐదో అక్షరం ఇంటిపేరులో మొదటిది. దరఖాస్తులో ఇంటిపేరు గడిలో సొంత పేరు రాసేసిన తెలుగువాళ్ళకు ఆ పేరు తాలూకు అక్షరమే పడుతుంది. అలాంటి కార్డులు మన వీధిలోనే పది దొరుకుతాయి. ఏదెలా ఉన్నా, పది స్థానాల్లో అక్షరాలూ అంకెలూ ఈ వరుసలో కనిపిస్తే అది భారతదేశపు పాన్ అని దాదాపు కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. అదే గడిలో పన్నెండు అంకెలు కనిపిస్తే, వచ్చినాయన ఆధార్ నంబరు రాశారని అర్థం. ఇది వారానికొకసారైనా జరిగేది.

అక్షరాలు ఇంకా ఎక్కువగా మాట్లాడేది ఇటలీ నంబర్లో. దాని పొడవు పదహారు. అందులో మనిషి జాతకం మొత్తం ఉంటుంది. ఇంటిపేరు రావు, పేరు లక్ష్మి, హైదరాబాదులో 1985 ఆగస్టు 15న పుట్టిన ఒకావిడను ఊహించుకోండి. ఆవిడ మిలాన్‌లో ఉద్యోగానికి వెళ్తే వచ్చే నంబరు ఇలా ఉంటుంది:

```
RAO LSH 85 M 55 Z222 Q
```

RAO ఇంటిపేరు. LSH పేరులోంచి ఏరిన హల్లులు. 85 పుట్టిన సంవత్సరం, M అంటే ఆగస్టు. తర్వాతి 55 చూసి కంగారు పడకండి. ఆడవాళ్ళకు తేదీకి నలభై కలుపుతారు, అందుకే పదిహేను కాస్తా యాభై ఐదు అయింది. Z222 అంటే పుట్టింది భారతదేశంలో. చివరి Q ముందున్న పదిహేనింటి మీద లెక్క కట్టి పెట్టిన తనిఖీ అక్షరం. పుట్టినరోజు దాచుకోవాలనుకునేవారికి ఇటలీ కలిసిరాదు.

ఇంత బిగువైన నమూనాలోనూ ఒక మెలిక ఉంది. ఇద్దరికి అచ్చంగా ఒకే నంబరు వస్తే, రెండోవారి నంబర్లో ఒక అంకె తీసి దాని బదులు అక్షరం పెడతారు. 2 స్థానంలో N వస్తుంది. అప్పుడు Z222 కాస్తా Z22N అవుతుంది. "ఇక్కడ అంకె మాత్రమే ఉండాలి" అని రాసిన కంప్యూటర్ ప్రోగ్రాం ఆ నిజమైన నంబరును తప్పని తిప్పి పంపేస్తుంది. పాపం ఆ మనిషి పదిసార్లు సరిచూసుకుని అదే నంబరు మళ్ళీ కొడుతూ ఉంటాడు.

అక్షరాలున్నా తికమక పడే సందర్భాలూ ఉన్నాయి. సింగపూర్‌లో ఒక అక్షరం, ఏడు అంకెలు, మళ్ళీ ఒక అక్షరం. స్పెయిన్ విదేశీయులకిచ్చే నంబరుదీ అదే ఆకారం. మొదటి అక్షరం చూసి విడదీయాలి. X, Y, Z అయితే స్పెయిన్. S, T, F, G అయితే సింగపూర్. చాలాకాలం ఈ సూత్రం హాయిగా పనిచేసింది. 2022లో సింగపూర్ విదేశీయులకు M తో మొదలయ్యే కొత్త వరుస తెరిచింది. స్పెయిన్‌లో మరో రకం విదేశీయులకు M ముందునుంచే ఉంది. ఇప్పుడు M తో మొదలైతే చివరి అక్షరం లెక్క కట్టి చూడాల్సిందే.

అంకెలు మాత్రమే ఉన్న నంబర్ల దగ్గరే అసలు కష్టం. పదకొండు అంకెలైతే జర్మనీ, బ్రెజిల్, పోలండ్, నార్వే అన్నీ పోటీకొస్తాయి. వీటిలో జర్మనీకి ఒక చక్కని గుర్తుంది. మొదటి పది అంకెల్లో ఏదో ఒక అంకె రెండుసార్లో మూడుసార్లో వచ్చి తీరాలి, మొదటి అంకె సున్నా కాకూడదు. బ్రెజిల్‌వాళ్ళు మూడేసి అంకెలకు చుక్క పెట్టి, చివరి రెంటికి ముందు అడ్డగీత గీస్తారు. ఆ చుక్కలు చూస్తేనే పోల్చుకోవచ్చు.

తొమ్మిది అంకెలు మాత్రం సంతలాంటివి. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, నెదర్లాండ్స్, పోర్చుగల్ అందరూ అక్కడే ఉన్నారు. తెలుగువాళ్ళ పిల్లలు ఎక్కువగా ఉన్నదీ ఈ దేశాల్లోనే. పెద్దాయన చీటీ మీద ఉన్నదీ తొమ్మిదంకెలే.

ఆయన కొడుకు నంబరు ఇక్కడ రాయను. దాని బదులు 123456782 అనుకుందాం. సాఫ్ట్‌వేర్ పరీక్షించేవాళ్ళు డమ్మీగా వాడే నంబరిది. దీన్ని దేశాల గడపల ముందు ఒక్కొక్కచోట నిలబెడదాం.

గడప దగ్గర కాపలా ఉండేది తనిఖీ అంకె, చెక్ డిజిట్. ముందున్న అంకెలతో ఏదో ఒక లెక్క కట్టి, ఆ జవాబును నంబర్లోనే ఒక చోట పెడతారు. గుమస్తా ఒక అంకె తప్పు కొట్టినా, పక్కపక్క అంకెలు తారుమారు చేసినా దాదాపు ఎప్పుడూ లెక్క తప్పుతుంది, కంప్యూటర్ ఆపేస్తుంది. దాన్ని పెట్టింది ఇందుకే. దేశాన్ని కనిపెట్టడానికి కాదు. ఒక్కో దేశం ఒక్కో లెక్క వాడుతుంది కాబట్టి మనం దాన్ని ఆ పనికి కూడా వాడుకుంటున్నాం, అంతే.

మొదట కెనడా. ఇక్కడి లెక్క మన క్రెడిట్ కార్డుల వెనక ఉన్నదే. ఐబీఎంలో పనిచేసిన లూన్ అనే ఇంజనీరు 1954లో దీని మీద పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది స్థానాల్లోని అంకెలను రెట్టింపు చెయ్యాలి. రెట్టిస్తే రెండంకెలు వస్తే వాటిని కలిపెయ్యాలి. అంటే 6 రెట్టిస్తే 12, కలిపితే 3. 8 రెట్టిస్తే 16, కలిపితే 7. తర్వాత అన్నీ కూడాలి.

```
1  2  3  4  5  6  7  8  2
1  4  3  8  5  3  7  7  2   మొత్తం 40
```

పదితో శేషం లేకుండా పోతే నెగ్గినట్టు. నలభై పోతుంది. కాబట్టి ఇది కెనడా నంబరే అయ్యుండొచ్చు.

సంబరపడకుండా ఆస్ట్రేలియాకు వెళ్దాం. అక్కడ తొమ్మిది స్థానాలకు తొమ్మిది గుణకాలు: 1, 4, 3, 7, 5, 8, 6, 9, 10. ఒక్కో అంకెను దాని గుణకంతో హెచ్చవేసి కూడితే వచ్చింది పదకొండుతో పోవాలి.

```
1 + 8 + 9 + 28 + 25 + 48 + 42 + 72 + 20 = 253 = 11 × 23
```

ఇక్కడా నెగ్గింది. నెదర్లాండ్స్‌లోనూ పదకొండుతోనే పని. గుణకాలు మాత్రం తొమ్మిది నుంచి రెండు దాకా దిగుతూ వచ్చి, చివరి అంకెను కూడకుండా తీసేస్తారు.

```
9 + 16 + 21 + 24 + 25 + 24 + 21 + 16 - 2 = 154 = 11 × 14
```

మూడో గడపా దాటేసింది. పోర్చుగల్‌లో మాత్రం తట్టుకుని పడింది. అక్కడ మొదటి ఎనిమిది అంకెలకూ ఇవే గుణకాలు. మొత్తం 156, పదకొండుతో భాగిస్తే శేషం 2. పదకొండులోంచి రెండు తీస్తే తొమ్మిది. అంటే చివరి అంకె 9 ఉండాలి, ఇక్కడున్నది 2. తమాషా ఏమిటంటే, చిన్నపిల్లాడు వేళ్ళు లెక్కపెట్టినట్టు 123456789 అని రాస్తే పోర్చుగల్ ఒప్పేసుకుంటుంది.

ఇక అమెరికా. అక్కడ గడప దగ్గర కాపలాదారే లేడు. సోషల్ సెక్యూరిటీ నంబర్లో తనిఖీ అంకె లేనే లేదు. మొదటి మూడంకెలు 000 గానీ 666 గానీ కాకూడదు, 9తో మొదలవకూడదు, మధ్య రెండంకెలు 00, చివరి నాలుగంకెలు 0000 కాకూడదు. ఇంతే షరతులు. మన నంబరు 123-45-6782 అని గీతలు పెట్టుకుని దర్జాగా లోపలికి వెళ్ళిపోతుంది.

అంటే ఒకే నంబరు కెనడాది కావచ్చు, ఆస్ట్రేలియాది కావచ్చు, డచ్చిది కావచ్చు, అమెరికాది కావచ్చు. ఇది ఏరి తెచ్చిన ఉదాహరణ కదా అని మీరనొచ్చు. నిజమే, మూడు లెక్కల్లోనూ నెగ్గే నంబరు వెయ్యికి ఒకటికన్నా తక్కువ. కానీ ఒక్కదాంట్లో నెగ్గడం చాలా తేలిక. ఏ తొమ్మిది అంకెలు చేతికొచ్చినట్టు రాసినా కెనడా లెక్కలో నెగ్గే అవకాశం పదింట ఒకటి, ఆస్ట్రేలియాలో పదకొండింట ఒకటి, నెదర్లాండ్స్‌లోనూ పదకొండింట ఒకటి. మూడూ కలిపి చూస్తే, నిఖార్సైన అమెరికా నంబర్లలో సుమారు నాలుగింట ఒకటి వీటిలో ఏదో ఒక దేశం పరీక్షలో నెగ్గుతుంది. "కెనడా లెక్క సరిపోయింది కాబట్టి కెనడా" అని రాసుకుంటూ పోయే గుమస్తా ఎన్ని అమెరికా ఖాతాలను టొరంటో పంపిస్తాడో చూసుకోండి.

ఈ పరీక్ష "కాదు" అన్నప్పుడు నమ్మొచ్చు. "అవును" అంటే నమ్మడానికి లేదు. లెక్క తప్పితే ఆ దేశం కాదు, లేదా ఎవరో అంకె తప్పు రాశారు. ఈ రెండో సంగతి మరిచిపోతే ఇంకో గుంటలో పడతాం. ఫోన్లో విని ఒక అంకె తప్పు రాసుకున్న కెనడా నంబరు కెనడా పరీక్షలో ఓడిపోయి, పోయి పోయి ఆస్ట్రేలియాలో నెగ్గొచ్చు.

అక్షరాలుంటే కాపలా గట్టిగా ఉంటుంది. స్పెయిన్‌లో అంకెలను ఇరవైమూడుతో భాగించి, శేషాన్ని బట్టి ఇరవైమూడు అక్షరాల్లో ఒకటి పెడతారు. గుడ్డిగా నెగ్గాలంటే ఇరవైమూడింట ఒక్క అవకాశం. మన జీఎస్టీ నంబరు చివరి స్థానానికి ముప్పై ఆరు గుర్తుల్లో ఏదైనా రావచ్చు. అక్కడ కాకతాళీయంగా నెగ్గడం ఇంకా అరుదు. పాన్ చివరి అక్షరమూ తనిఖీ కోసమే, కానీ దాని లెక్క ఏమిటో ఆదాయపు పన్ను శాఖ బయటపెట్టలేదు. అందుకే పాన్ విషయంలో బయటివాళ్ళం ఆకారం చూసి ఊరుకోవాల్సిందే.

తొమ్మిది అంకెల సంతలో మరి ఏం చెయ్యాలి? లెక్కకన్నా ఎక్కువగా ఉపయోగపడినవి నాకు చిన్న చిన్న ఆనవాళ్ళు. మూడు, రెండు, నాలుగుగా విడదీసి గీతలు పెడితే అమెరికా. మూడు, మూడు, మూడుగా ఖాళీలు వదిలితే కెనడా గానీ ఆస్ట్రేలియా గానీ. అందుకే చీటీ మీద ఎలా ఉందో అలాగే రాసుకోమనేవాణ్ణి. కంప్యూటర్లో ఎక్కించేటప్పుడు గీతలూ ఖాళీలూ తీసేయడం రివాజు. అలా తీసేసినప్పుడు ఉన్న ఒక్క సాక్ష్యమూ పోతుంది.

తొమ్మిదితో మొదలైతే మరో ఆసక్తికరమైన సంగతి. కెనడాలో తాత్కాలికంగా ఉండేవాళ్ళ నంబరు 9తో మొదలవుతుంది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్ళకు, మన హెచ్4 వీసా ఇల్లాళ్ళలో చాలామందికి, ఇచ్చే ఐటిన్ కూడా 9తోనే మొదలవుతుంది. అయితే ఐటిన్‌లో నాలుగు, ఐదు అంకెలు కలిపి చూస్తే 50కి తగ్గవు. అక్కడ 23 అనో 41 అనో ఉంటే అమెరికాను పక్కన పెట్టేయొచ్చు. పైపెచ్చు కెనడా లెక్క కూడా సరిపోతే అప్పుడు కాస్త ధైర్యంగా ఊహించొచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసింది మాత్రం ఎక్సెల్. 2011 దాకా అమెరికా నంబర్లో మొదటి మూడంకెలు ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెట్టారో చెప్పేవి. బోస్టన్ ఉన్న మసాచుసెట్స్‌కు 010 నుంచి 034 దాకా. అంటే ఆ రోజుల్లో అక్కడ నంబరు తీసుకున్నవాళ్ళందరిదీ సున్నాతో మొదలవుతుంది. ఎక్సెల్ గడిలో అది పడగానే ముందున్న సున్నా మాయమై ఎనిమిది అంకెలు మిగులుతాయి. ఎనిమిది అంకెలైతే న్యూజిలాండ్ కావచ్చు, ఆస్ట్రేలియాలో పాతకాలం నంబరు కావచ్చు. అక్షరం రాయడం మరిచిపోయిన స్పెయిన్ నంబరు కూడా ఎనిమిదంకెలే. ఒకసారి ఒక జాబితాలో న్యూజిలాండ్ వాళ్ళు ఉన్నట్టుండి పెరిగిపోయారు. చిరునామాలు చూస్తే అందరూ బోస్టన్ చుట్టుపక్కల వాళ్ళే. అప్పటినుంచి ఎనిమిదంకెలు కనిపిస్తే ముందొక సున్నా చేర్చి మళ్ళీ చూడటం అలవాటైంది. ఆ కాలమ్‌ను అంకెలుగా కాకుండా మాటలుగా పెట్టుకోమని కొత్తగా చేరినవాళ్ళకు మొదటిరోజే చెప్పేవాళ్ళం.

చీటీ సంగతికి వస్తే, పెద్దాయన టీ తాగుతుండగా నేను కాగితం మీద లెక్క కట్టాను. కెనడా సరిపోయింది. ఆస్ట్రేలియా కూడా సరిపోయింది. నూటికో కోటికో ఒకటి తగులుతుందనుకున్న రకమే ఆ పూట నా బల్ల మీదికి వచ్చింది. "అబ్బాయిగారికి ఒక్కసారి ఫోన్ కలపండి" అన్నాను. మెల్‌బోర్న్‌లో అప్పటికి రాత్రి అయింది. స్పీకర్లో పెట్టారు.

"అది కెనడాది నాన్నా, పాతది. ఇప్పుడు ఇక్కడిది కదా కావాల్సింది. రాసుకో."

పెద్దాయన నా పెన్ను తీసుకుని పాత నంబరు కింద కొత్తది రాశారు. అదీ తొమ్మిదంకెలే. చీటీ నా వైపు జరిపేముందు, అడక్కుండానే పక్కన "ఆస్ట్రేలియా" అని తెలుగులో రాసి, దాని కింద రెండు గీతలు గీశారు.